సార్ మెయిల్‌కి కుక్క అరుపు

మా సార్‌కి మెయిల్ కొట్టిన మరుక్షణం జవాబు రావాలి. డిస్కౌంట్ మెయిల్ వచ్చినా, ఆయన మెయిల్ వచ్చినా నా ఫోన్ ఒకేలా 'టింగ్' అంటుంది. మొన్న ఆయన విసుక్కున్నాక, ఆయనకంటూ ఒక శబ్దం పెట్టాలనుకున్నాను.

పంపేవాళ్ల పేరు నొక్కి సౌండ్ మార్చే సదుపాయం మా మెయిల్ యాప్‌లో లేదు. కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి, సార్ అడ్రస్ నుంచి వచ్చే ప్రతిదానికీ ఒక లేబుల్ తగిలించమని ఫిల్టర్ పెట్టాలి. ఫోన్ యాప్‌లో ఫిల్టర్ చేసే చోటే ఉండదు. ఆ తర్వాత ఫోన్‌లో ఆ లేబుల్‌కి సింక్ ఆన్ చేయాలి. అది చేయనంతసేపూ నోటిఫికేషన్ ఆప్షన్ బూడిదరంగులో పడుకుని, ఎన్నిసార్లు పొడిచినా లేవదు. యాప్ ఆ మాట చెప్పదు, మనమే కనిపెట్టుకోవాలి.

లేబుల్‌లో ఒక మెయిల్‌కి మోగాక, మనం తెరిచి చూసేదాకా తర్వాతివాటికి మోగదు. అలాగే వదిలేసినా సరిపోయేది. కానీ సార్ ఒక విషయాన్ని ఒక మెయిల్‌లో చెప్పే మనిషి కాదు. విషయం ఒకటి, అటాచ్‌మెంట్ ఇంకొకటి, 'పై మెయిల్ చూడండి' అంటూ మరొకటి. అందుకని 'ప్రతి మెసేజ్‌కీ' అన్నదానికి టిక్ పెట్టాను. సౌండ్ల జాబితాలో ఉన్నవన్నీ నీటిబొట్టు పడ్డట్టే ఉన్నాయి, కుక్క అరుపు తప్ప. చివరగా ఆండ్రాయిడ్ నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లో, డు నాట్ డిస్టర్బ్‌ని దాటి రావడానికి దీనికి అనుమతిచ్చాను. ప్రయారిటీ అంటే ప్రయారిటీయే కదా.

మర్నాడు మీటింగ్. డు నాట్ డిస్టర్బ్ పెట్టుకుని నిశ్చింతగా కూర్చున్నాను. ఎదురుగా సార్, ల్యాప్‌టాప్‌లో ఏదో టైప్ చేస్తూ.

భౌ!

చిన్న కుక్కపిల్ల కాదు, ఎముక లాక్కుంటే అరిచే రకం. పక్క సీటాయన కాళ్లు పైకి లాక్కున్నాడు. అకౌంట్స్ మేడమ్ టేబుల్ కిందకి వంగి చూశారు. సెక్యూరిటీని పిలవాలా అని ఎవరో గట్టిగానే అడిగారు. నేనూ వంగి, అందరికంటే శ్రద్ధగా వెతికాను. ఆ వంగిన భంగిమలో ఉండగానే నా చొక్కా జేబులోంచి మళ్లీ 'భౌ!' అటాచ్‌మెంట్ వచ్చింది.

సార్ ఎంటర్ నొక్కడం, నేను మొరగడం. ఆయన ఒకసారి నా జేబుకేసి, ఒకసారి తన కీబోర్డ్‌కేసి చూశారు. తర్వాత కావాలనే, ఒక్క వేలితో, మెల్లగా ఏదో టైప్ చేసి పంపారు. భౌ!

'మీటింగుల్లో ఫోన్లు స్విచాఫ్ చేయవలెను' అని, మా అందరికీ. ఎదురుగా కూర్చున్న మనిషి నోటితో చెప్పొచ్చుగా!

ఫోన్ తీసి నొక్కుతూనే ఉన్నాను, ఇంకోటి వచ్చింది: 'పై మెయిల్ చూడండి.'