గీతల్లో పండిన 290 మూటలు

జీడి దిగుబడి పెరగాలంటే తోటకి ఎరువు వెయ్యాలి, మందు కొట్టాలి అనేవాళ్లంతా పాతకాలం మనుషులు. పలాసలో నాకు తెలిసిన ఒక గోడౌన్‌లో గుమస్తాగారు బాల్‌పెన్‌తో ఒక్క పూటలో 290 మూటల పిక్కలు పండించారు. మూటకి 80 కిలోల చొప్పున 23 టన్నుల పైమాటే. ఈ సాగు విధానం రైతాంగానికి తెలియాలనే ఈ వ్యాసం.

లారీ దగ్గర కుర్రాడు దిగిన ప్రతి మూటకీ కాగితం మీద ఒక నిలువు గీత పెడతాడు. నాలుగయ్యాక ఐదో మూటకి వాటి మీదుగా అడ్డగీత. ఆ అడ్డగీతా ఒక మూటే, అలంకారం కాదు. అలా ఐదు గీతలు ఒక కట్ట.

మొదటి లారీకి 17 కట్టలు, 3 విడి గీతలు వచ్చాయి. మామూలు మనుషులైతే పదిహేడు ఐదులు 85, విడివి మూడు కలిపి 88 అని రాసుకుంటారు. మన గుమస్తాగారు 17 రాసి, పక్కనే 3 పెట్టారు. 173! మిగతా మూడు లారీలదీ అదే భాగ్యం. 12 కట్టల 1 గీత 121 అయింది, 20 కట్టల 4 గీతలు 204, 9 కట్టల 2 గీతలు 92. దిగినవి 300 మూటలు, పుస్తకంలో 590.

ఇందులో దొంగతనం లేదు. కట్టని ఐదుగా కాక పదిగా చూశారు, అంతే. అందుకే ప్రతి కట్టకీ ఐదు మూటలు ఉచితంగా వచ్చాయి. 58 కట్టలకి 290.

ఈ పంటని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. విడి గీతలు నాలుగుకి మించవు కదా, ఐదోది పడితే కట్టయిపోతుంది. కాబట్టి ఇలా రాసిన అంకెలన్నీ సున్నా నుంచి నాలుగులోపే ముగుస్తాయి. పుస్తకంలో పేజీలకి పేజీలు 5, 6, 7, 8, 9తో ముగిసే మొత్తం ఒక్కటీ కనబడలేదంటే గోడౌన్‌కి తాళం వెయ్యడం కాదు, గుమస్తాగారి పెన్నుకి క్యాప్ పెట్టాలి. (రెండు మూడు లారీలు చూసి తేల్చెయ్యకండి, నిజం లెక్కలు కూడా అప్పుడప్పుడు అలా పడతాయి.)

యజమాని మాత్రం పుస్తకాన్నే నమ్మారు. 290 మూటలు ఎవరు ఎత్తుకెళ్లారని కళాసీలని నిలబెట్టి అడిగారు. మేస్త్రి గీతల కాగితం వంక చూడనైనా చూడలేదు.

"పుస్తకంలో ఎంతుంది బాబూ?"

"590."

"మాకు మూటకింత అని కదా కూలి. అయితే 590కీ ఇప్పించీండి బాబూ, ఎల్లిపోతాం."

యజమాని కళ్లజోడు తెప్పించుకుని, గీతలు తనే లెక్కపెట్టడం మొదలెట్టారు.