చంపేస్తా అనండి, రాడు అనకండి

మన హీరో ఒక్క సినిమాలో ఇంతమందిని ఎందుకు చంపుతాడో అర్థంకాక మేధావులు బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు. సమాజంలో హింస పెరిగిందట, కుర్రాళ్లు చెడిపోయారట. అదేం కాదండీ, అసలు కారణం డబ్బింగ్. ఇప్పుడు ఒకే సినిమాను ఐదు భాషల్లో వదులుతున్నారు కదా, తెరమీద కదిలే ఒక్క నోటికే అన్ని భాషల మాటలూ అతకాలి.

'చంపేస్తా' అన్న మాట తీసుకోండి. పలకడానికి మూడు దెబ్బలు: చం, పే, స్తా. హిందీలో 'మార్ దూంగా', అదీ మూడే. రెండూ 'ఆ' దగ్గరే ఆగుతాయి కాబట్టి హీరో నోరు తెరుచుకుని కళ్లెర్రజేసినా రెండు భాషల్లోనూ చెల్లిపోతుంది. ఉన్న చిక్కల్లా ఒకటే, మనవాడి పెదాలు మధ్యలో 'పే' దగ్గర మూసుకుంటే హిందీ గొంతుకు మొదట్లో 'మా' దగ్గరే మూసుకోవాలి. ప, బ, మ అన్నప్పుడు పెదాలు కలవకపోతే క్లోజప్పులో ఎవరికైనా దొరికిపోతుంది. కానీ ఆ టైంలో జనం కత్తిని చూస్తుంటారు, కాబట్టి పర్లేదు.

ఇప్పుడు హింస అసలే లేని డైలాగు చూడండి. 'వాడు రాడు.' నాలుగు అక్షరాలు, ముప్పావు సెకనులో అయిపోతుంది. హిందీవాడు 'వో నహీ ఆయేగా' అనాలి, అంటే ఆరు. తమిళంలో 'అవన్ వరమాట్టాన్', అదీ ఆరే, పైగా మధ్యలో 'మా' దగ్గర పెదాలు మూయాలి, మనవాడేమో ఎక్కడా మూయలేదు. మలయాళీలు కాస్త నయం, 'అవన్ వరిల్ల' అని ఐదుతో సరిపెట్టుకుంటారు. మనకు కాదనడం క్రియలోనే కలిసిపోయింది, అందుకే ఇంత పొట్టిగా కుదురుతుంది, పక్కవాళ్లకు దానికో ముక్క అదనంగా పట్టుకొస్తుంది. తెరమీద నోరు ఆగిపోయాక కూడా మాట వినిపిస్తుంటే సెకనుకు 24 ఫ్రేముల్లో నాలుగైదు చాలు, చూసేవాడికి ఏదో తేడా కొడుతుంది.

కాబట్టి రచయితలకు నా మొదటి సూచన, వాక్యానికి ముందే కాస్త దూది కూరి పెట్టండి. 'వాడు ఇంక రాడు' అని రాస్తే ఆరుకు ఆరు, లెక్క సరి. అయితే హిందీ అనువాదకుడు నిజాయితీపరుడైతే కొంప మునుగుతుంది, ఆ 'ఇంక'ను కూడా అనువదించి 'వో అబ్ నహీ ఆయేగా' అని ఏడు చేస్తాడు. అందుకని స్క్రిప్టు మార్జిన్లో 'ఇది దూది, అనువదించొద్దు' అని ఎర్ర ఇంకుతో రాయాలి. ఇన్నాళ్లూ 'మరి', 'లేరా', 'అదే మరి' లాంటి ఊతపదాలు రాసిన వాళ్లను తిట్టుకున్నాం కానీ వాళ్లు ఎంత ముందుచూపుతో రాశారో ఇప్పుడు తెలుస్తోంది.

రెండో సంగతి ఊపిరి. డబ్బింగ్ రచయిత వాక్యం మొత్తం పొడుగు కొలవడు, హీరో ఎక్కడ ఆగాడో అక్కడికి ముక్కలు చేసి ఒక్కో ముక్కకు మాట కుట్టుకుంటాడు. 'మీ నాన్నని నేను' అని ఆగాడనుకోండి, కెమెరా హీరోయిన్ మొహం చూపించింది, తర్వాత 'చంపలేదు' అన్నాడు. హిందీలో ఇబ్బంది లేదు, 'తేరే బాప్ కో మైనే... నహీ మారా'. తమిళంలోనూ క్రియ చివరే వస్తుంది. ఇంగ్లిష్‌లో మాత్రం 'ఐ డిడ్ నాట్' ముందే వచ్చేస్తుంది, ఇక సస్పెన్స్ ఎక్కడ మిగులుతుంది? హీరోయిన్‌కు విషయం తెలిసిపోయినా ఇంకా మూడు సెకన్లు ఏడుస్తూనే ఉంటుంది. ప్రపంచ మార్కెట్ కావాలంటే 'కాదు, లేదు' అనేవి ఆ విరామానికి ఇవతలే అనిపించేయండి, లేదా హీరో చేత చంపించేయండి, అదే సులువు.

ఇక గడ్డం. పొడుగ్గా, ఒత్తుగా, కింది పెదవి మీదికి పాకేలా పెంచిన హీరో ఐదు భాషల్లో సునాయాసంగా మాట్లాడగలడు. దాన్ని పాత్ర లోతు అని రివ్యూల్లో రాస్తున్నారు, రాయనివ్వండి.

తెలుగులో తొలి డబ్బింగ్ సినిమాగా చెప్పుకునే 'ఆహుతి'కి 1950లో మాటలు రాసింది శ్రీశ్రీ. అంటే మహాకవి కూడా పరాయి నోళ్లకు కొలిచి మాట కుట్టిన వాడే. అప్పట్లో కొలతలు తీసుకోవడం దర్జీ బాధ్యత. ఇప్పుడు బట్ట నేసేవాడే ఐదుగురికీ సరిపోయేలా నేయాలి, అదీ తేడా.

అన్నట్టు అమ్మ పాత్ర సంగతి మర్చిపోకండి. 'తిన్నావా' మూడే, హిందీ 'ఖానా ఖాయా' నాలుగు, తమిళ 'సాప్పిట్టియా' నాలుగు, పైగా మధ్యలో ఓ 'ప్పి'. ఇంత ప్రమాదకరమైన డైలాగును క్లోజప్పులో పెట్టే నిర్మాత ఎవడూ ఉండడు, అందుకే ఆవిడను వంటింట్లోంచే అరిపించండి.