మా పిన్ని పచ్చళ్ళ పేరు ఎవరు మార్చమన్నారు?

పొద్దున ఆరున్నరకి పాలకొల్లు నుంచి పిన్ని ఫోన్. "ఒరేయ్ నాన్నా, యూట్యూబ్‌లో నా పేరు పక్కన టిక్కు ఉండేది కదరా, అదేమైంది?" అంది. నిద్రమత్తులో చానల్ తెరిచి చూశాను. టిక్కు లేదు. టిక్కు సంగతి తర్వాత, అసలు పిన్ని పేరే లేదు. పన్నెండేళ్ళుగా ఆవిడ పేరు, పక్కన "పచ్చళ్ళు" అని ఉండే చోట రెండు ఇంగ్లీషు ముక్కలున్నాయి. చివరిది "ఫుడ్స్".

ఇప్పుడు సాయంత్రం అయింది, ఇంకా కోపం తగ్గలేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

జరిగింది ఇది. ఆవకాయ సీజన్ వస్తోంది కదా, కాస్త పబ్లిసిటీ చేద్దామని మా తమ్ముడు హైదరాబాద్‌లో ఒక డిజిటల్ మార్కెటింగ్ ఆఫీసుతో మాట్లాడాడు. వాళ్ళు పాస్‌వర్డ్ అడిగారు, వీడు ఇచ్చేశాడు. ఫేస్‌బుక్ పేజీకి కూడా పూర్తి కంట్రోల్ ఇచ్చేశాడు. గురువారం రాత్రి అక్కడి కుర్రాడు కూర్చుని, ఒక్క మాట ఎవరినీ అడక్కుండా, చానల్ పేరు, హ్యాండిల్, ప్రొఫైల్ ఫొటో, ఫేస్‌బుక్ పేజీ పేరు, దాని యూజర్‌నేమ్ అన్నీ ఒకే గంటలో మార్చేశాడు. ఫోన్ చేసి అడిగితే "రీబ్రాండింగ్ అన్నా, అన్నీ ఒకేసారి చేస్తేనే ఫ్రెష్‌గా ఉంటుంది" అన్నాడు. చానల్‌కి లక్షా ఇరవై వేల మంది సబ్‌స్క్రైబర్లు. ఆ టిక్కు రావాలంటే లక్ష మంది ఉంటే తప్ప అప్లై చేయడానికే కుదరదు. ఆ లక్ష కోసం ఆవిడ ఎన్ని మధ్యాహ్నాలు పొయ్యి దగ్గర ఫోన్ నిలబెట్టుకుని మాట్లాడిందో నాకు తెలుసు. ఆ కుర్రాడికి తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు.

యూట్యూబ్ రూలు చాలా సూటిగా ఉంది. చానల్ పేరు మారిస్తే టిక్కు పోతుంది, కొత్త పేరుతో మళ్ళీ అప్లై చేసుకోవాలి. హ్యాండిల్, అంటే @ గుర్తుతో మొదలయ్యేది, అది మారిస్తే టిక్కుకి ఏమీ కాదు. ఈ ఒక్క తేడా తెలిసి ఉంటే ఇంత గొడవే లేదు. టిక్కు అన్నది ఫలానా పేరు గల చానల్ నిజంగా ఫలానా వాళ్ళదే అని చెప్పే ముద్ర. పేరు మారాక ఆ ముద్రకి అర్థం లేదు. 2022 నవంబరులో ట్విటర్‌లో టిక్కు ఉన్న కొందరు తమ పేరును ఎలాన్ మస్క్ అని మార్చుకున్నారు. అప్పుడు ఖాతాలు మూసేసి, పేరు మారిస్తే టిక్కు తాత్కాలికంగా పోతుందని ఆయనే ప్రకటించాడు. ఇప్పటి ఎక్స్‌లోనూ పేరు గానీ ఫొటో గానీ హ్యాండిల్ గానీ మారిస్తే, వాళ్ళు మళ్ళీ చూసి ఒప్పుకునేదాకా టిక్కు కనపడదు. రూలులో న్యాయం ఉంది. నా కోపం రూలు మీద కాదు, దాన్ని చదవకుండా ఊరి జనం ఖాతాల మీద చేతులు వేసే వాళ్ళ మీద.

సరే, పాత పేరు పెట్టేద్దాం అని కూర్చున్నాను. కుదరలేదు. యూట్యూబ్‌లో పద్నాలుగు రోజుల్లో పేరు రెండుసార్లే మార్చొచ్చు. ఒకసారే మార్చాడు కదా, ఇంకొకటి మిగిలే ఉండాలి కదా అనుకున్నాను. లేదు. మొదటిసారి "Foods" అన్న మాటలో ఒక o వదిలేశాడు. "Fods" అని పడింది. పది నిమిషాల తర్వాత చూసుకుని సరిచేశాడు. ఆ ఒక్క అక్షరంతో రెండో ఛాన్సు కూడా అయిపోయింది. గురువారం నుంచి పద్నాలుగు రోజులు, అంటే వచ్చే గురువారం కూడా కాదు, ఆ పై గురువారం దాకా మా పిన్ని తన పేరు తాను పెట్టుకోలేదు. ఆవిడకి ఈ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. "నా పేరే కదరా" అంది అంతే.

హ్యాండిల్ విషయంలో మాత్రం కొంచెం ఊపిరి ఆడింది. దానికీ పద్నాలుగు రోజుల్లో రెండు మార్పులే. దాన్ని అతను ఒక్కసారే మార్చాడు. పైగా పాత హ్యాండిల్‌ని యూట్యూబ్ పద్నాలుగు రోజులు మన కోసం అట్టే పెడుతుంది, ఆ రోజుల్లో పాత లింకు కూడా పనిచేస్తుంది. గడువు దాటితే ఎవరైనా తీసుకోవచ్చు. మన ప్యాకెట్ల మీద ఉన్న హ్యాండిల్‌తో ఎవరో చానల్ పెట్టి ఆర్డర్లు తీసుకుంటే అప్పుడు ఎవరిని అడగాలి? అందుకే మిగిలిన ఆ ఒక్క మార్పునీ వాడి పాత హ్యాండిల్ వెనక్కి తెచ్చేశాను.

ఇక ఫేస్‌బుక్. అక్కడ పేరు మార్పు రిక్వెస్ట్ పెడితే వాళ్ళు చూసి ఒప్పుకోవడానికి మూడు రోజుల దాకా పట్టొచ్చు. ఇతనిది శనివారానికి ఓకే అయింది. ఓకే అయ్యాక ఏడు రోజుల పాటు మళ్ళీ పేరు మార్చలేం, పేజీని కనపడకుండా దాచిపెట్టనూ లేం. ఇంకోటి, పేరు మారిందని ఫాలోవర్లకి నోటిఫికేషన్ వెళ్తుంది. జనం పోయేది అక్కడే. పేరు మార్చినందుకు ఫేస్‌బుక్ ఎవరినీ తీసేయదు, నలభై ఆరు వేల మందీ అలాగే ఉంటారు. కానీ వాళ్ళ ఫోన్లో ఎప్పుడూ వినని ఇంగ్లీషు పేరు వస్తుంది, పక్కన ఎప్పుడూ చూడని లోగో. పిన్ని జాడీ పట్టుకుని నవ్వే ఫొటో లేదు. "ఈ పేజీ నేనెప్పుడు ఫాలో అయ్యాను?" అని అన్‌ఫాలో కొట్టేస్తారు. మూడు రోజుల్లో పదకొండు వందల మంది వెళ్ళిపోయారు. కామెంట్లలో ఒకావిడ, అమెరికా నుంచి ఏటా ఆర్డర్ పెట్టే మనిషి, "పిన్నిగారి పేజీ ఎవరో హ్యాక్ చేశారు, డబ్బులు పంపకండి" అని రాసింది. దానికి రెండు వందల పైన లైకులు. ఆవిడది తప్పా? నేనైనా అదే అనుకుంటాను.

ఎందుకనుకోరు? మన దగ్గర ఏళ్ళ తరబడి జరుగుతున్న మోసం ఇదే కదా. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. వేంకటేశ్వరస్వామి ఫొటో పెట్టి "లైక్ కొట్టకుండా వెళ్ళకండి" అంటారు. హీరో పేరు మీద ఫ్యాన్ పేజీ పెడతారు. లక్ష మంది పోగయ్యాక ఎన్నికలకి మూడు నెలల ముందు ఆ పేజీ అమ్మేస్తారు. స్వామికి దండం పెట్టిన మా అమ్మ ఒకరోజు తెల్లారేసరికి తనకి తెలియకుండానే ఒక పార్టీ పేజీకి ఫాలోవర్ అయిపోయింది. ఏ పార్టీ అని అడక్కండి, అన్నీ చేశాయి. ఇలాంటి వాటి వల్లే పేరుతో పాటు విషయం కూడా మారిపోయే మార్పుల్ని ఫేస్‌బుక్ ఒప్పుకోదు. 2018 నుంచి ప్రతి పేజీకీ పేర్ల చరిత్ర చూపిస్తోంది. పేజీలో About కి వెళ్ళి Page transparency నొక్కండి. ఎప్పుడు పుట్టింది, ఏ తేదీన ఏ పేరు నుంచి ఏ పేరుకి మారింది, అన్నీ ఉంటాయి. మీరు ఫాలో అయ్యే "మన సంస్కృతి" పేజీలు నాలుగింటిని ఇవాళే అలా తెరిచి చూడండి. ఇప్పుడు మా పిన్ని పేజీ చరిత్రలో కూడా ఆ "ఫుడ్స్" గీత పడింది. ఆవిడ ఎవరినీ మోసం చేయలేదు, అయినా పడింది. పాత పేరుకి వెళ్తే ఇంకో గీత పడుతుంది.

అన్నిటికంటే నన్ను మండించింది సీసాల సంగతి. కిందటి నెలలో పిన్ని రెండు వేల స్టిక్కర్లు కొట్టించింది. వాటి మీద క్యూఆర్ కోడ్, అది పాత యూజర్‌నేమ్ ఉన్న ఫేస్‌బుక్ లింకుకి వెళ్తుంది. పేజీ పేరూ యూజర్‌నేమూ వేర్వేరు. పేరు మార్చినా యూజర్‌నేమ్ దానంతట అది మారదు. దాన్ని ఎవరో కావాలని మార్చాలి. ఇతను మార్చాడు. ఇవాళ వంటింట్లో గోంగూర సీసా మీద ఫోన్ పెట్టి చూస్తే "This content isn't available right now" అని వచ్చింది. ఐదు వందల సీసాలు ఇప్పటికే కొరియర్‌లో వెళ్ళిపోయాయి. ఆ కోడ్‌ని యూజర్‌నేమ్ బదులు పేజీ ఐడీ నంబరుతో చేయిస్తే ఈ తంటా ఉండేది కాదు. ఆ నంబరు ఆ Page transparency లోనే ఉంటుంది, పేరెన్నిసార్లు మారినా అది మారదు. facebook.com/ తర్వాత ఆ అంకెలు పెడితే చాలు. ఇది మాకు ముందే తట్టకపోవడం మా తప్పే, ఒప్పుకుంటాను.

నిజంగా పేరు మార్చాల్సి వస్తే ఎలా చేయాలో ఆ కుర్రాడికి ఫోన్లోనే చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. పదిహేను రోజుల ముందు నుంచే పాత పేజీలో, పాత మొహంతో, కొత్త పేరు ఇదీ అని నాలుగైదుసార్లు చెప్పాలి. కొత్త పేరులో పాత పేరు ముక్క ఒకటైనా ఉంచాలి. పేరు మార్చిన రోజు ఫొటో ముట్టుకోకూడదు, ఫొటోని చూసే జనం గుర్తు పడతారు. ఒక నెల పోయాక కావాలంటే మార్చుకోవచ్చు. స్పెల్లింగ్ ముందు కాగితం మీద రాసి ఇంకో మనిషికి చూపించాలి. టిక్కు ఉన్న యూట్యూబ్ చానల్ అయితే, ఆ టిక్కు పోయినా పర్లేదనుకున్నప్పుడే పేరు జోలికి వెళ్ళాలి. బయటి వాళ్ళకి పేజీ మీద పూర్తి కంట్రోల్ అస్సలు ఇవ్వకూడదు, పోస్టులు వేయడానికి సగం కంట్రోల్ సరిపోతుంది. పాస్‌వర్డ్ సంగతి ఇక చెప్పక్కర్లేదు.

అంతా విని ఆ కుర్రాడు ఏమన్నాడో తెలుసా? "పచ్చళ్ళు అంటే మరీ నాటుగా ఉంది అన్నా, ప్రీమియం ఫీల్ రాదు" అన్నాడు. నాటే. ఆ నాటు పేరు చూసే న్యూజెర్సీలో ఉన్న పిల్ల గోంగూర తెప్పించుకుంటోంది. "ఫుడ్స్" అని రాసిన సీసాలు అక్కడి కొట్లో ఎన్ని లేవు? మా వీధిలో టిఫిన్ బండి పోయి "కిచెన్" అయింది, మిఠాయి కొట్టు పోయి "స్వీట్ హౌస్" అయింది. తెలుగు పేరు పెట్టుకుంటే చిన్నతనం అని వీళ్ళకి ఎవరు నేర్పారో గానీ, ఆ చిన్నతనం తెచ్చి అరవై రెండేళ్ళ మనిషి నెత్తిన రుద్దారు. ఆవిడకి ఆ కొత్త పేరు పలకడం కూడా రావట్లేదు. ఆర్డర్ ఫోన్ ఎత్తి "హలో" అని ఆగిపోతోంది.

మా పిన్ని దగ్గర కొనేవాళ్ళు ఇది చదువుతుంటే ఒక్క మాట. పేజీ హ్యాక్ అవ్వలేదు, సీసా మీదున్న ఫోన్ నంబరు ఆవిడదే. ఫేస్‌బుక్‌లో పాత పేరుకి ఈ శనివారం రిక్వెస్ట్ పెడతాను, ఓకే అయితే మీకు మళ్ళీ ఒక నోటిఫికేషన్ వస్తుంది, కంగారు పడి అన్‌ఫాలో చేయకండి. యూట్యూబ్‌లో ఆ పై గురువారం పేరు మారుస్తాను, తర్వాత టిక్కుకి అప్లై చేస్తాను. ఎన్నాళ్ళు పడుతుందో మరి. ఈలోపు పిన్ని రేపు పొద్దున ఫొటో మార్పించి, మాగాయ ముక్కలు ఎండబెడుతూ లైవ్‌లోకి వస్తానంది. పైన పేరు ఏదున్నా, మొహం చూసి గుర్తుపట్టండి.