నంబర్ మారితే వాట్సాప్ తీసేసి మళ్లీ ఎక్కించకండి

మా నాన్నగారు కొత్త నంబర్ తీసుకున్నారు. సిమ్ కొన్న షాపులో కుర్రాడు ఫోన్ తీసుకుని, వాట్సాప్ తీసేసి, మళ్లీ ఎక్కించి, కొత్త నంబర్ కొట్టి ఇచ్చేశాడు. ఇంటికొచ్చి చూస్తే ఒక్క చాట్ లేదు, ఒక్క గ్రూపు లేదు. రిటైరైన టీచర్ల గ్రూపుకి ఆయనొక్కరే అడ్మిన్. కొత్త నంబర్‌ని అందులో చేర్చాలంటే అడ్మిన్ కావాలి, ఆ అడ్మిన్ ఆయన పాత నంబరే! రెండు రోజులు ఆయన సరిగ్గా అన్నం తినలేదు.

వాట్సాప్‌కి మనం ఎవరమో తెలిసేది నంబర్‌తోనే. కొత్త నంబర్‌తో మొదటి నుంచి మొదలుపెడితే మనం కొత్త మనిషి కిందే లెక్క. గూగుల్ డ్రైవ్‌లో ఉన్న బ్యాకప్ కూడా పాత నంబర్‌తో తీసిందే కాబట్టి కొత్త నంబర్‌కి రాదు.

అదృష్టం కొద్దీ పాత సిమ్ ఇంకా పనిచేస్తోంది. దాన్ని ఫోన్‌లో వేసి, యాప్ మళ్లీ ఎక్కించి, పాత నంబర్‌తో లాగిన్ అయ్యాం. బ్యాకప్ అడిగితే Restore నొక్కాం. చాట్లూ గ్రూపులూ వచ్చాయి. అప్పుడు Settings, Account, Change number లోకి వెళ్లి పాత నంబర్, కొత్త నంబర్ ఇచ్చాం. కొత్త సిమ్‌కి వచ్చిన కోడ్ కొట్టగానే పని అయిపోయింది. అడ్మిన్ హోదాతో సహా అన్నీ అలాగే ఉన్నాయి. వెంటనే ఇంకో బ్యాకప్ తీశాం, ఈసారి కొత్త నంబర్ మీద.

పాత సిమ్‌ని తొందరపడి వదిలేయకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. మన దేశంలో ఆపేసిన నంబర్‌ని 90 రోజుల దాకా ఇంకొకరికి ఇవ్వరు. ఆ తర్వాత అది ఎవరి చేతికైనా వెళ్లవచ్చు. Change number చేస్తే పాత నంబర్ మీదున్న ఖాతా పోతుంది, మన గ్రూపుల్లో ఆ నంబర్ మిగలదు. చేయకపోతే మన పాత నంబర్ అక్కడే ఉండిపోతుంది.

ఇందులో నాకు అస్సలు నచ్చని విషయం ఒకటుంది. ఎవరికి తెలియజేయాలో Notify contacts దగ్గర మనం ఎంచుకోవచ్చు. అది ఆపేస్తే విడి చాట్లలో ఎవరికీ కబురు వెళ్లదు. కానీ గ్రూపులకు మాత్రం మనం ఏది ఎంచుకున్నా వెళ్తుంది, నంబర్ మార్చారన్న లైను అక్కడ అందరికీ కనబడుతుంది. ఒకడి వేధింపు భరించలేక నంబర్ మార్చే ఆడపిల్ల ఉంటుంది. వాడూ ఆమె ఉన్న కాలేజీ గ్రూపులోనే ఉంటే కొత్త నంబర్ నేరుగా వాడి చేతికే వెళ్తుంది. గ్రూపులకు చెప్పాలో వద్దో ఎంచుకునే హక్కు కూడా మనకే ఇవ్వాలి. అది వచ్చేదాకా దారి ఒక్కటే: అలాంటి మనిషి ఉన్న గ్రూపుల్లోంచి ముందు బయటికి వచ్చి, ఆ తర్వాతే Change number నొక్కండి.