ఇండక్షన్ స్టవ్ వెనక్కి రాకుండా ఆపేది ఎలాంటి వీడియో?

"లిస్టింగ్‌లో వీడియో పెట్టండి, రిటర్న్‌లు సగానికి పడిపోతాయి. మంచి మ్యూజిక్‌తో, ఫీచర్లన్నీ ఒక్క నిమిషంలో వచ్చేలా, చూడగానే కొనాలనిపించేలా తీయించండి. వీడియో ఉంటే కింద డిస్క్రిప్షన్ ఎవరూ చదవరు, దాని మీద టైమ్ వేస్ట్ చేయకండి." (ఆన్‌లైన్ అమ్మకందార్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్)

ముందు ఆ సగం లెక్క సంగతి చూద్దాం. వెనక్కొచ్చిన పెట్టెలన్నీ ఒకే కారణంతో రావు. నెలలో 40 ఇండక్షన్ స్టవ్‌లు వెనక్కొచ్చాయనుకోండి. అందులో 18 అసలు గుమ్మం దాటి లోపలికే పోలేదు. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టినవాళ్లు ఫోన్ ఎత్తలేదు, ఎత్తినవాళ్లు వద్దన్నారు. వీటినే మనం ఆర్‌టీఓ అంటాం. ఇంకో 7 దారిలో గాజు పలక పగిలినవి. మూడింటిలో మన ప్యాకింగ్ దగ్గరే వేరే మోడల్ వెళ్లిపోయింది. ఇవన్నీ తీసేస్తే మిగిలింది 12. వీడియో ఎంత గొప్పగా తీసినా అది ముట్టుకోగలిగేది ఈ పన్నెండునే. ఒక్కటి కూడా మిగలకుండా ఆపినా మొత్తం మీద తగ్గేది మూడో వంతు కూడా కాదు. మిగతా 28 కోసం చేయాల్సిన పనులు వేరే: థర్మాకోల్ మూలలు మార్చడం, ఆర్డర్‌ను ఫోన్ చేసి ఖాయం చేసుకోవడం, ప్యాకింగ్ బల్ల మీద బార్‌కోడ్ చూసి పంపడం. వీటి బదులు వీడియోకి డబ్బు పోసినవాళ్లు మూడు నెలల తర్వాత వీడియో దండగ అంటున్నారు. దండగ కాదు, దాని పని కాని పనికి దాన్ని పెట్టాం.

ఇక ఆ పన్నెండు. నేను చాలాకాలంగా వెనక్కొచ్చిన ప్రతి స్టవ్‌నీ బల్ల మీద పెట్టి, స్టీలు గిన్నెలో నీళ్లు పోసి చూస్తున్నాను. కారణం దగ్గర "పని చేయట్లేదు" అని రాసి పంపినవాటిలో ఎక్కువ భాగం శుభ్రంగా పనిచేస్తాయి. స్టవ్ పాడవలేదు, కొన్న ఇంట్లోని గిన్నెకీ దానికీ కుదరలేదు. లోపల రాగి తీగ చుట్ట ఉంటుంది. దాని అయస్కాంత క్షేత్రం సెకనుకు వేల సార్లు దిశ మార్చుకుంటూ గిన్నె అడుగులోని ఇనుములో కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటే వేడి. మన ఇళ్లలో సగం సామాను హిండాలియం, అంటే అల్యూమినియం. దాన్ని పెడితే స్టవ్ అసలు గిన్నె ఉన్నట్టే గుర్తించదు. బీప్ బీప్ మంటుంది, తెర మీద చాలా మోడళ్లలో E0 అని చూపిస్తుంది. కొన్నవాళ్లకి అది ఎర్రర్, అంటే డిఫెక్ట్ పీస్. వాళ్ల తప్పేమీ లేదు, మనం చెప్పలేదు.

దీనికి కావాల్సిన వీడియో పాతిక సెకన్లది. మొదటి సెకనులోనే హిండాలియం గిన్నె స్టవ్ మీద పెడుతున్న చెయ్యి కనిపించాలి. బీప్ వినిపించాలి, తెర మీద E0 దగ్గరగా కనిపించాలి. తర్వాత ఫ్రిజ్ మీద అంటించే మామూలు అయస్కాంతం తీసుకుని ఆ గిన్నె అడుగున పెడితే జారి కింద పడుతుంది. అదే అయస్కాంతం ఇండక్షన్ అడుగున్న కుక్కర్‌కి, దోసెల ఇనప పెనానికి టక్కున అంటుకుంటుంది. అయస్కాంతాన్ని అడుగునే పెట్టి చూపించాలి, గిన్నె పక్కన కాదు. అక్కడితో ఆపితే మళ్లీ కొన్ని వెనక్కొస్తాయి. ఎందుకంటే అయస్కాంతం అంటుకున్నా పనిచేయనివి రెండున్నాయి. ఒకటి, అడుగు మరీ చిన్నది. చాలా స్టవ్‌లకి అడుగు కనీసం పది, పన్నెండు సెంటీమీటర్ల వెడల్పు లేకపోతే గిన్నె ఉన్నట్టు తెలియదు, కాబట్టి ఒక్క కప్పు టీ కాచుకునే బుల్లి గిన్నె పనికిరాదు. రెండు, గుండ్రని అడుగున్న బాండీ. ఇనప బాండీకి అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది, కానీ పలకకి ఆనేది మధ్యలో కాసింత చోటే. ఈ రెంటినీ కూడా పెట్టి, పనిచేయకపోవడం చూపించండి. సరుకు పనిచేయకపోవడాన్ని మన లిస్టింగ్‌లో మనమే చూపించడం కష్టంగానే అనిపిస్తుంది, కానీ రిటర్న్ ఆగేది ఆ ఐదు సెకన్ల దగ్గరే.

అమ్మకం తగ్గదా అని అడుగుతారు. తగ్గుతుంది. హిండాలియం గిన్నెలు మాత్రమే ఉన్న ఇల్లు ఆర్డర్ పెట్టకుండా వెళ్లిపోతుంది. ఆ ఆర్డర్ ఎలాగూ వెనక్కొచ్చేదే. వస్తూ వస్తూ రెండు వైపుల షిప్పింగ్ ఖర్చూ మన నెత్తిన వేసేది, విప్పిన పెట్టెని కొత్త సరుకుగా అమ్ముకోలేని పరిస్థితి తెచ్చేది.

ఫీచర్లన్నీ ఒక్క నిమిషంలో గుదిగుచ్చితే ఇలాంటి ఐదు సెకన్లకి చోటుండదు. ఒక వీడియోకి ఒక ప్రశ్న చాలు. ప్రశ్నలు మనం ఊహించుకోనక్కర్లేదు, లిస్టింగ్ కింద జనం అడిగినవీ రిటర్న్ కారణాల్లో రాసినవీ పక్కపక్కన పెట్టుకుంటే రెండు మూడు మాటలే మళ్లీ మళ్లీ కనబడతాయి. గిన్నె తర్వాత నాకు కనబడేది ప్లగ్గు. 2000 వాట్ల స్టవ్ 230 వోల్టుల దగ్గర 8.7 యాంపియర్లు లాగుతుంది. ఇంట్లో ఫోన్ ఛార్జర్ పెట్టే సాకెట్ 6 యాంపియర్లది. అందుకే ఇలాంటి స్టవ్‌లకి గీజర్‌కి ఉండే లావుపాటి 16 యాంపియర్ల ప్లగ్గు వస్తుంది. అద్దె ఇంటి వంటగదిలో ఆ సాకెట్ లేకపోతే స్టవ్ పెట్టెలోకి తిరిగి వెళ్లిపోతుంది. లేదంటే కన్వర్టర్ ప్లగ్గు కొని తగిలిస్తారు, అది వేడెక్కి కరిగిపోవచ్చు. ఇది రిటర్న్ కంటే పెద్ద ప్రమాదం. రెండు సాకెట్లనీ పక్కపక్కన పెట్టి, ప్లగ్గు ఒకదాంట్లో పట్టకపోవడం, ఇంకోదాంట్లో దిగడం చూపిస్తే పది సెకన్లు. కన్వర్టర్ వద్దని తెలుగులో తెర మీద పెద్ద అక్షరాలతో రాయండి. బస్సులోనో ఆఫీసులోనో ఫోన్ సౌండ్ ఆపేసి చూసేవాళ్లే ఎక్కువ, చెప్పే మాట అక్షరాల్లో కూడా ఉండాలి.

మ్యూజిక్ విషయంలో నా అభ్యంతరం గట్టిది. స్టవ్ ఆన్ చేయగానే లోపల ఫ్యాన్ తిరుగుతుంది, గిన్నెని బట్టి సన్నటి జుమ్మనే చప్పుడు కూడా వస్తుంది. ఆఫ్ చేసిన తర్వాత కూడా లోపలి భాగాలు చల్లారేదాకా ఫ్యాన్ కాసేపు తిరుగుతూనే ఉంటుంది. గ్యాస్ పొయ్యికి అలవాటుపడ్డ ఇంట్లో ఈ చప్పుడు వినగానే ఏదో తేడాగా ఉందంటారు. వీడియోలో వయొలిన్లు మోగించి ఈ చప్పుడు మింగేస్తే, దాన్ని మొదటిసారి వినేది పెట్టె విప్పాకే. అసలు చప్పుడుతోనే తీయండి. ఆఫ్ చేసి, ఫ్యాన్ తిరుగుతుండగా "ఇది మామూలే, ప్లగ్గు వెంటనే తీయకండి" అని రాయండి. తక్కువ పవర్ మీద పెట్టినప్పుడు చాలా స్టవ్‌లు కాసేపు వేడి చేసి కాసేపు ఆగుతాయి, పాలు పొంగుతూ తగ్గుతూ ఉంటాయి. దాన్నీ చూపించాలి.

వేగం పెంచి తీయడం కూడా ఈ కోవలోదే. లీటరు నీళ్లు 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి చేరాలంటే 314 కిలోజౌళ్ల వేడి కావాలి. 2000 వాట్ల స్టవ్‌లో దాదాపు 1700 వాట్లు గిన్నెకి చేరినా మూడు నిమిషాలు పైనే పడుతుంది. వీడియోలో ఎనిమిది సెకన్లలో నీళ్లు తెర్లితే కొన్నవాళ్లు మూడు నిమిషాలకే ఇది స్లో అంటారు. పక్కన గోడ గడియారం పెట్టి తీసి, మధ్యలో కత్తిరించినచోట గడియారం కనబడనిస్తే సరిపోతుంది.

డిస్క్రిప్షన్ మానేయమనడం మాత్రం అన్నిటికంటే చెడ్డ సలహా. నెట్ సరిగా లేనిచోట వీడియో తెరుచుకోదు, అది ఫొటోల వరసలో చివర్లో ఉంటే అక్కడిదాకా జరిపేవాళ్లు తక్కువ, పైగా వీడియోలో వెతకడం కుదరదు. అడుగు కనీస వెడల్పు, ప్లగ్గు యాంపియర్లు, పలక కొలతలు, పెట్టెలో ఏమేం వస్తాయి అన్నవి రాతలోనే ఉండాలి. వీడియోలో అందం కోసం పెట్టిన గాజు మూత గిన్నె పెట్టెలో రాకపోతే "ఒక వస్తువు తక్కువ వచ్చింది" అంటూ రిటర్న్ పెడతారు. దాన్ని కాదనలేం కూడా. 2020 ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం ప్రకటనలో చూపిన లక్షణాలు సరుకులో లేకపోతే అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనకూడదు. వీడియోలో చూపించింది ప్రకటన కిందకి రాదని ఎవరూ వాదించి నెగ్గలేరు. కాబట్టి పెట్టెలో రాని ఏ వస్తువునీ షూటింగ్ బల్ల మీద పెట్టకండి, పెట్టక తప్పని గిన్నె మీద "విడిగా కొనాలి" అని రాయండి.

వీడియో పనిచేసిందో లేదో తెలుసుకోవడంలోనూ ఆ మెసేజ్ పంపేవాళ్లు దారి తప్పిస్తున్నారు. వీడియో చూసినవాళ్లలో రిటర్న్‌లు తక్కువని చూపిస్తారు. కానీ కొనేముందు వీడియో ఓపిగ్గా చూసేవాళ్లు, వీడియో లేకపోయినా నాలుగు రివ్యూలు చదివి కొనేవాళ్లే. అదే మోడల్‌కి వీడియో పెట్టకముందూ పెట్టాకా, "పని చేయట్లేదు", "సరిపోలేదు" అన్న కారణాలు మాత్రమే వేరు చేసి పోల్చండి. రిటర్న్ గడువు ముగిసిన ఆర్డర్లనే లెక్కలోకి తీసుకోండి, లేకపోతే నిన్న అమ్మినవన్నీ నిలిచినట్టే కనబడతాయి. వంద అమ్మితే 8 రావడం, తర్వాత వందలో 5 రావడం ఏ మార్పూ లేకుండానే జరగొచ్చు. కొన్ని వందల ఆర్డర్లు చూడనిదే తగ్గిందని చెప్పకండి. దసరా, దీపావళి అమ్మకాలని మామూలు నెలతో పోల్చకండి.

లిస్టింగ్‌లో చూడనివాళ్లు ఎలాగూ ఉంటారు, వాళ్లకి ప్రశ్న వచ్చేది ఇంట్లో బీప్ వినబడ్డాక. అందుకని గిన్నెల వీడియోకి క్యూఆర్ కోడ్ చేసి గాజు పలక మీదే స్టిక్కర్‌గా అంటిస్తున్నాను, పైన "బీప్ వస్తోందా? గిన్నె మార్చి చూడండి" అన్న ఒక్క ముక్క తెలుగులో. మాన్యువల్‌లో పెడితే అది ప్లాస్టిక్ కవరులోంచి బయటికే రాదు. కొత్త లాట్ వచ్చినప్పుడల్లా ఒక పెట్టె విప్పి ప్లగ్గూ, తెర మీది ఎర్రర్ అక్షరాలూ వీడియోతో సరిచూసుకోవాలి. కంపెనీ చెప్పకుండా E0 ని E1 చేసిన రోజున పాత వీడియో అక్కడుంచితే, మన సలహా చూసినవాళ్లే ఇది వేరే ఎర్రర్ అనుకుని పెట్టె సర్దేస్తారు.