మొదటి మెయిల్‌లోనే లాయర్ పేరెత్తితే పైసలు రావు

"మర్యాదగా మెయిల్ పెడితే ఎవ్వడూ పైసలియ్యడు. ఫోన్ల మీద ఫోన్లు కొట్టాలె. మెయిలే పెట్టేదుంటే ఫస్ట్ మెయిల్‌లనే లాయర్ నోటీసు అని రాయాలె, అప్పుడే భయపడతరు." బాకీ వసూలు గురించి చాలామంది చెప్పే మాట ఇది.

మాది మిర్యాలగూడలో చిన్న వర్క్‌షాప్. రైస్ మిల్లుల ఎలివేటర్లకు బకెట్లు చేసిస్తాం. హైదరాబాద్‌లో ఆఫీసున్న ఒక కంపెనీకి జూన్ 5న సరుకు దింపాం. జీఎస్టీతో కలిపి బిల్లు రూ. 1,18,000. వాళ్లిచ్చిన పర్చేజ్ ఆర్డర్, అదే పీఓలో రాసుకున్న గడువు 30 రోజులు, అంటే జులై 5. డబ్బు రాలేదు.

ముందు ఫోన్ల సంగతి. ఆరో తేదీ, ఏడో తేదీ నేనూ ఫోన్లే చేశాను. ఒకసారి "సార్ మీటింగ్‌లో ఉన్నారు", ఇంకోసారి "బిల్లు పాస్ కావాలి". ఎవరు చెప్పారో, ఏం చెప్పారో నా దగ్గర రాతలో ఒక్క ముక్క లేదు. అకౌంట్స్‌లో మనిషి మారితే మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఫోన్ చేయొద్దని కాదు. మాట్లాడాక "ఇప్పుడే అనుకున్నట్టు" అని రెండు వాక్యాల మెయిల్ వెళ్తేనే ఆ ఫోన్ లెక్కలోకి వస్తుంది.

ఇక మర్యాద. ఎనిమిదో తేదీన పంపిన మొదటి మెయిల్ ఇది. సబ్జెక్ట్‌లోనే బిల్లు నంబర్, మొత్తం, గడువు తేదీ ఉన్నాయి.

"నమస్కారం సార్. జూన్ 5న మీకు అందిన సరుకు బిల్లు 47కు జులై 5తో గడువు ముగిసింది. పనుల్లో పడి మిస్ అయి ఉండొచ్చు. బిల్లు, మీవాళ్లు సంతకం చేసిన డెలివరీ చలానా జత చేశాను. బిల్లులో ఏదైనా సరిచేయాల్సి ఉంటే చెప్పండి, ఈరోజే పంపుతాను."

పని చేసింది ఆ చివరి వాక్యం. సాయంత్రానికి జవాబు వచ్చింది: బిల్లు మీద పీఓ నంబర్ లేదు, అందుకే వాళ్ల సిస్టమ్‌లో ఎక్కలేదు. తప్పు మాదే! ఇదే చోట లాయర్ అని రాసి ఉంటే ఆ మెయిల్ అకౌంట్స్ గుమస్తా చేతిలోంచి వాళ్ల లాయర్ చేతికి పోయేది, పీఓ నంబర్ మాట బయటికే రాకపోయేది. గడువు దాటిన మూడో రోజున డబ్బు ఎందుకు ఆగిందో మనకు తెలియదు. తెలుసుకోవడానికే మొదటి మెయిల్.

9న సరిచేసిన బిల్లు పంపితే 15న వేస్తామని రాశారు. వేయలేదు. 18న రెండో మెయిల్, అదే మెయిల్‌కు రిప్లైగా, వాళ్ల పర్చేజ్ మేనేజర్‌ను కాపీలో పెట్టి:

"పీఓ నంబర్‌తో బిల్లు 9న పంపాను. 15న జమ చేస్తామని రాశారు, అందలేదు. ఏ తేదీన జమ అవుతుందో 22లోపు తెలియజేయగలరు."

ఇందులో "మిస్ అయి ఉండొచ్చు" లేదు. వాళ్ల మాటే వాళ్ల ముందు పెట్టి, డబ్బు పడే తేదీ అడిగాను. కోపంగా ఒక్క పదం లేదు, కానీ తప్పించుకునే సందు తగ్గింది. జవాబు రాలేదు.

లాయర్ భయం కన్నా గట్టిది మన చేతిలోనే ఉంది. చిన్న సంస్థల కోసం 2006లో వచ్చిన ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం, పీఓలో 60 రోజులని రాసుకున్నా సరే, సరుకు ఒప్పుకున్న రోజు నుంచి 45 రోజులు దాటకూడదు. ఆలస్యమైతే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు 3 రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీతో. ఈ బాకీల ఫిర్యాదులు వినేది ఆ చట్టం కింద ఉన్న ఫెసిలిటేషన్ కౌన్సిల్. అక్కడికి వెళ్లాలంటే ఉద్యమ్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర చేసుకునే రిజిస్ట్రేషన్ ఉండాలి. మాకు జులై 20తో ఆ 45 రోజులూ అయిపోయాయి. మూడో మెయిల్ 29న పంపాను:

"బిల్లు 47 గడువు దాటి 24 రోజులైంది. ఆగస్టు 7లోపు రూ. 1,18,000 పూర్తిగా జమ కావాలి. లేకుంటే 8న ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో సెక్షన్ 16 వడ్డీతో సహా దరఖాస్తు చేస్తాం. అప్పటిదాకా కొత్త ఆర్డర్ డెలివరీ ఆపుతున్నాం. మా ఉద్యమ్ నంబర్ బిల్లు మీద ఉంది."

"తెలియజేయగలరు" పోయి "జమ కావాలి" వచ్చింది. బెదిరింపు మాత్రం కాదు, ఎందుకంటే 8న దరఖాస్తు చేయడానికి ఆ రెండు మెయిళ్లు, చలానా ఫైల్‌లో సిద్ధంగా ఉన్నాయి. ఇదే మాట జులై 8నే అనేసి ఉంటే 29న రాయడానికి ఇంకేం మిగిలేది? ఆగస్టు 6న మొత్తం పడింది. ఆపిన ఆర్డర్ మర్నాడే లోడ్ చేశాం.

ఒక జాగ్రత్త. సరుకు ఇచ్చేనాటికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేనివాళ్లు, కొని అమ్మే వ్యాపారం మాత్రమే చేసేవాళ్లు ఆ కౌన్సిల్ వాక్యం రాయొద్దు. వాళ్లకు మూడో మెయిల్‌లో డెలివరీ ఆపడం, ఆ తర్వాత లీగల్ నోటీసు అనే మాట సరిపోతాయి.