కాలు కదలని మనిషికి రెండు విభాగాలూ ఒకే మాట చెప్పాలి

ఉన్నట్టుండి ఒక కాలు పట్టు తప్పి న్యూరాలజీ వార్డులో చేరిన రోగికి ఎమ్మారై, రక్త పరీక్షలు, నరాల పరీక్షలు అన్నీ నార్మల్‌గా వచ్చాక మన ఆసుపత్రుల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "మీకేమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి, ఒకసారి సైకియాట్రీలో చూపించుకోండి." కాలు నిజంగానే కదలని మనిషికి ఏమీ లేదనడం, ఉన్న జబ్బు పేరు చెప్పకుండా దాటవేయడం, సైకియాట్రీకి పంపడం అంటే తనను వదిలించుకోవడమేనని రోగి అనుకునేలా చేయడం, ఈ మూడూ ఆ ఒక్క వాక్యంలో జరిగిపోతాయి. మెదడుకూ నరాలకూ దెబ్బ లేకుండానే వాటి పనితీరు తప్పే ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్, అంటే ఎఫ్‌ఎన్‌డీ, ఉన్నవారిలో ఎక్కువమందికి చికిత్స దారి తప్పేది ఇక్కడే.

ఎఫ్‌ఎన్‌డీ అన్నది పరీక్షలన్నీ నార్మల్‌గా వచ్చాక ఏమీ తోచక పెట్టే పేరు కాదు. దానికి తనవైన గుర్తులున్నాయి. కాలి బలహీనతలో అన్నిటికంటే ముందు చూడవలసింది 1908లో హూవర్ అనే అమెరికా వైద్యుడు వర్ణించిన గుర్తు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, బలహీనమైన కాలి మడమ కింద డాక్టరు చెయ్యి పెట్టి, మడమను మంచానికేసి నొక్కమంటారు. బలం దాదాపు తెలియదు. తరువాత ఆ కాలి ఊసెత్తకుండా, బాగున్న కాలును పైకి లేపమని దాన్ని చేత్తో అడ్డుకుంటారు. అప్పుడు బలహీనమైన కాలి మడమ, రోగికి తెలియకుండానే, డాక్టరు చేతిని గట్టిగా నొక్కుతుంది. అంటే మెదడు నుంచి కాలికి వెళ్లే దారి తెగలేదు. కదపాలని పూనుకున్నప్పుడు అందని బలం, ధ్యాస వేరే చోట ఉన్నప్పుడు అందుతోంది. తుంటి నొప్పి ఉన్నా, మెదడు దెబ్బతిని ఒక పక్క స్పృహే లేకపోయినా ఈ గుర్తు తప్పుదారి పట్టించవచ్చు కాబట్టి దీన్ని ఒంటరిగా కాక మిగతా పరీక్షతో కలిపి చూడాలి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన మానసిక వ్యాధుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 కూడా ఈ నిర్ధారణకు మానసిక ఒత్తిడి కారణంగా కనబడి తీరాలన్న నిబంధనను తొలగించి, పరీక్షలో దొరికే ఇలాంటి గుర్తులకే ప్రాధాన్యమిచ్చింది.

ఇలాంటి రోగులలో తరచుగా కనిపించే విషయాలను కలిపి ఒక ఉదాహరణ చెప్పుకుందాం. వరంగల్ దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే 31 ఏళ్ల మహిళకు బస్సు దిగుతుంటే ఎడమ చీలమండ బెణికింది. వాపు తగ్గిన నాలుగో రోజు పొద్దున మంచం దిగబోతే కాలు తిమ్మిరెక్కి, గుండె దడదడలాడి, కాలు తనది కానట్టు అనిపించింది. ఆ రోజు నుంచి పాదం లోపలికి తిరిగి, కాలు నేల మీద ఈడ్చుకుంటూ వస్తోంది. పక్షవాతమేమోనని మెదడుకూ వెన్నుకూ ఎమ్మారై తీశారు, రెండూ బాగున్నాయి. ఏమీ లేదన్న మాట మొదట అక్కడే విన్నది. తరువాత మరో చోట సైకియాట్రిస్టు "ఇంట్లో ఏమైనా గొడవలా?" అని అడిగితే "ఏమీ లేవండీ, కాలే నా గొడవ" అంది. డ్యూటీ తప్పించుకోవడానికేనని అత్తగారు అనుమానపడింది. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఇద్దరు నిపుణులు రెండు రకాలుగా మాట్లాడితే, మధ్యలో మిగిలిన ఖాళీని ఇల్లూ ఊరూ నింపుతాయి.

ఆమెకు చెప్పవలసిన మాటలు ముందే రాసుకుని, న్యూరాలజీ, సైకియాట్రీ, ఫిజియోథెరపీ ముగ్గురూ ఒప్పుకున్న ఒక పేజీగా ఉండాలన్నది నా వాదన. ఆ పేజీని ముందుగా పలకవలసింది న్యూరాలజిస్టే, ఎందుకంటే గుర్తును చూసిందీ చూపగలిగిందీ ఆయనే. సుమారుగా ఇలా: "మీ కాలు నిజంగానే బలహీనంగా ఉందమ్మా. మీరు కావాలని చేస్తున్నది కాదు, అది నాకు తెలుసు. ఈ జబ్బు పేరు ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్. ఇది పక్షవాతం కాదు, మెదడులో గడ్డ కాదు, నరం తెగలేదు. ఎలా చెప్పగలుగుతున్నానో ఇప్పుడే మీకూ, మీ ఆయనకూ చూపిస్తాను." అని హూవర్ గుర్తును మళ్లీ చేసి, డాక్టరు చేతిని మడమ నొక్కడాన్ని రోగి చేత గమనింపజేయాలి, కుటుంబ సభ్యుడి చెయ్యి అక్కడ పెట్టించి చూపించాలి. "చూశారా, బలం ఉంది. మీరు కాలి మీద దృష్టి పెట్టి కదపబోయినప్పుడు మెదడు ఆ బలాన్ని అందించలేకపోతోంది. ఫోను బాగానే ఉండి సాఫ్ట్‌వేర్ పట్టేసినట్టు. చీలమండ బెణికినప్పటి నొప్పి, ఆ రోజు కలిగిన భయం, అప్పటి నుంచి ప్రతి అడుగునూ కనిపెట్టుకుని ఉండటం, వీటితో మెదడుకు ఈ తప్పు అలవాటైంది. దీన్ని మళ్లీ సరిచేసుకోవచ్చు, కొంత సమయం పడుతుంది."

ఇందులో "గుర్తును చూపిస్తాను" అన్న భాగం అన్నిటికంటే విలువైనది. నార్మల్ ఎమ్మారై రోగికి ఏమి లేదో చెబుతుంది, ఈ గుర్తు ఏమి ఉందో చెబుతుంది. అయితే "ఇదిగో పట్టేశాను, కాలు పని చేస్తోందిగా" అన్న ధోరణిలో చూపిస్తే అదే గుర్తు అవమానంగా మారుతుంది, ఆ తరువాత ఎన్ని మంచి మాటలు చెప్పినా రోగికి ఎక్కవు. స్పృహ లేనట్టు పడివున్న రోగి రొమ్ము ఎముక మీద గట్టిగా రుద్దడం, ముక్కు దగ్గర ఘాటైన వాసన పెట్టడం వంటి పాత పద్ధతులు కూడా ఈ కోవలోవే. వాటిని పూర్తిగా మానేయాలి.

ఇక సైకియాట్రిస్టు. ఆయన మొదటి వాక్యం "న్యూరాలజీ వాళ్లు పంపారు, ఏమిటి సమస్య?" అయితే కట్టినదంతా కూలిపోతుంది. "డాక్టరుగారూ నేనూ కలిసి చూస్తున్నాం, మీ కాలి బలహీనతకు పేరు ఇదని ఆయన చెప్పారు కదా, నాదీ అదే అభిప్రాయం" అని మొదలుపెట్టాలి. వీలైతే మొదటిసారి ఇద్దరూ మంచం దగ్గర కలిసి నిలబడటం ఇంకా మేలు, పది నిమిషాలైనా చాలు. ఆ తరువాత సైకియాట్రిస్టు వెతకవలసింది దాచిన రహస్య గాయం కోసం కాదు. అది కొందరిలో ఉంటుంది, కొందరిలో ఉండదు. లక్షణం మొదలైన ఆ రోజు పొద్దున ఏం జరిగింది, దడ వచ్చిందా, లోకం దూరంగా జరిగినట్టు అనిపించిందా, నిద్ర ఎలా ఉంది, పడిపోతానన్న భయంతో ఏ ఏ పనులు మానేశారు, ఇవీ అడగవలసిన ప్రశ్నలు. కుటుంబాన్ని కాసేపు బయటికి పంపి, ఇంట్లో దెబ్బలు, బెదిరింపులు ఉన్నాయేమో, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయేమో ఒంటరిగా అడగడం తప్పనిసరి. డిప్రెషన్, ఆందోళన ఉంటే వాటికి మందు, కౌన్సెలింగ్ ఇవ్వాలి. అవి లేకుండా కాలి బలహీనతకే మాత్ర రాయడంలో అర్థం లేదు.

పునరావాసంలో ఫిజియోథెరపిస్టు మామూలు పక్షవాతం రోగికి చేయించినట్టు మంచం మీద ఒక్కొక్క కండరానికీ వ్యాయామం చేయిస్తే రోగి ధ్యాస మరింతగా కాలి మీదకే పోతుంది, బలహీనత పెరిగినట్టు కనిపిస్తుంది. ఈ రోగులతో పనిచేసిన బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు, న్యూరాలజిస్టులు 2015లో ప్రచురించిన సిఫార్సుల సారం దీనికి తలకిందులుగా ఉంటుంది. కండరాన్ని వదిలి కదలికను పట్టుకోవాలి, ధ్యాసను వేరే చోటికి మళ్లించాలి. మన టీచరమ్మ విషయంలో మొదటి రోజున బల్ల ముందు నిలబడి, బరువును కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా మార్చడమే. ఎడమ కాలు బరువు మోస్తుంటే ఆమె చేతిలో బంతి పట్టుకుని ఎక్కం చదువుతుంది. తరువాత వెనక్కి నడవడం, పక్కకు అడుగులేయడం. ముందుకు నడిచేటప్పుడు ఈడ్చుకొచ్చే కాలు వెనక్కి నడిస్తే చాలామందిలో బాగా కదులుతుంది. అది రోగి కళ్లకు కనపడేలా అద్దంలోనో ఫోన్ వీడియోలోనో చూపిస్తారు. చక్రాల కుర్చీ, వాకర్, పాదానికి పట్టీ తప్పనిసరైతే తప్ప ఇవ్వరు, ఎందుకంటే ఒకసారి అలవాటైతే మాన్పించడం కష్టం. భర్త రెండు చంకల కింద చేతులు వేసి నడిపించడం మానేసి, పక్కన నడుస్తూ వేరే విషయం మాట్లాడాలని ఆయనకు విడిగా నేర్పాలి. బాగున్న రోజున ఇల్లంతా ఊడ్చి, మరుసటి రెండు రోజులు మంచం పట్టే పద్ధతి ఈ జబ్బులో మామూలు కాబట్టి రోజుకు చేయవలసిన పని కొలత మంచి రోజైనా చెడ్డ రోజైనా ఒకటే ఉంచి, వారానికోసారి కొంచెం పెంచుతారు.

ఈ పద్ధతికి ఆధారం ఎంతవరకుందో దాచకుండా చెప్పాలి. బ్రిటన్‌లో 355 మందితో జరిగి, 2024లో ఫలితాలు వెలువడిన ఫిజియో4ఎఫ్ఎండీ అధ్యయనంలో మూడు వారాలలో తొమ్మిది సార్లు ప్రత్యేక ఫిజియోథెరపీ ఇచ్చి, మూడు నెలలకు మరోసారి చూశారు. ఏడాది తరువాత శారీరక సామర్థ్యం స్కోరులో మామూలు ఫిజియోథెరపీ పొందినవారికీ వీరికీ తేడా కనిపించలేదు. కానీ కదలిక మెరుగుపడిందని చెప్పినవారు ప్రత్యేక ఫిజియోథెరపీ వర్గంలో ఎక్కువ. ఏళ్ల తరబడి జబ్బుతో ఉన్నవారికి మూడు వారాలు సరిపోవన్నదే దీని నుంచి నేను తీసుకునే అర్థం. రోగికి "నెలలో పరుగెత్తుతారు" అని మాటివ్వకపోవడం ఆ పేజీలో రాసుకోవలసిన నియమాల్లో ఒకటి. నిర్ధారణే తప్పైతే ఎలా అన్న భయం డాక్టర్లకూ ఉంటుంది. స్కాట్లాండ్ న్యూరాలజీ ఓపీల్లో లక్షణాలకు శరీర వ్యాధి కారణం కాదని నిర్ణయించినవారిలో 1,030 మందిని సుమారు ఏడాదిన్నర తరువాత మళ్లీ పరిశీలిస్తే, మొదటి లక్షణాలకు కారణమనదగిన ఊహించని వ్యాధి బయటపడింది 4 మందిలోనే అని 2009లో ప్రచురించారు. ఆ ధైర్యం జాగ్రత్తగా పరీక్ష చేసినవారికే చెల్లుతుంది. పైగా ఎఫ్‌ఎన్‌డీ ఉన్న మనిషికి మెదడు, వెన్నుపాములోని నరాల పొరలు దెబ్బతినే మల్టిపుల్ స్క్లీరోసిస్‌ కూడా ఉండవచ్చు.

అందుకే ఉమ్మడి ప్రణాళికలో ఎవరు ఏం చూస్తారో స్పష్టంగా ఉండాలి. కొత్త లక్షణం వస్తే, మూత్రం మీద అదుపు తప్పితే, చూపులో తేడా వస్తే న్యూరాలజిస్టు మళ్లీ స్వయంగా పరీక్ష చేయాలి. కొత్త గుర్తు లేకుండా "మనసు కుదుటపడటానికి" మళ్లీ ఎమ్మారై రాయకూడదు, అది చెప్పిన నిర్ధారణ మీద డాక్టరుకే నమ్మకం లేదని రోగికి తెలియజేస్తుంది. డిశ్చార్జి కాగితం మీద కాలి బలహీనతకు పేరు, చూసిన గుర్తు, చేయించిన వ్యాయామాలు, తిరిగి రావలసిన తేదీ ఉండాలి, స్థానికంగా చూసే ఎంబీబీఎస్ డాక్టరుకు ఆ కాగితమే ఆధారం. మన టీచరమ్మ ఆరో వారానికి పట్టుకోకుండా నడిచింది, మూడో నెలలో జ్వరం వచ్చి కాలు మళ్లీ ఈడ్చుకుపోవడం మొదలైంది. ఈసారి ఆమె క్యాజువాలిటీకి పరుగెత్తలేదు. కాగితం చూసి ఫిజియోథెరపిస్టుకు ఫోన్ చేసి, బరువు మార్చే వ్యాయామంతో మొదటి నుంచి మొదలుపెట్టింది, పదిహేను రోజుల్లో పాత స్థితికి వచ్చింది. న్యూరాలజీ ఓపీలో మూడు నెలల తరువాతి తేదీ మాత్రం రద్దు చేయలేదు.